బడి చూసి రాసిన పద్నాలుగు ఊళ్లు

2024 నవంబరు 11, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. మా ఫిలింనగర్ ఫ్లాటు బాల్కనీలో కూర్చుని, ఎర్ర పెన్సిలు చేతిలో పెట్టుకుని, ఒక పరిశోధక విద్యార్థిని రాసిన వ్యాసం నలభై ఒకటో పేజీ కింద ఉన్న చిన్నక్షరాల వివరణ చదువుతున్నాను. రెండు వాక్యాలున్నాయక్కడ. చదివాక కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను. అప్పుడు మొదలైన భయం ఆ నెలాఖరుదాకా నన్ను వదల్లేదు.

నేను ముప్పై నాలుగేళ్లు ఆర్థిక చరిత్ర పాఠం చెప్పి పదవీ విరమణ చేశాను. జూబ్లీహిల్స్‌లో నేను పనిచేసిన పరిశోధన సంస్థ ఇప్పటికీ ఏడాదికి ఒకటో రెండో సిద్ధాంత గ్రంథాలు నాకు పంపుతుంది. అంతర్గత పరిశీలకురాలిగా చదివి సంతకం పెడితే విద్యార్థి తుది సెమినారుకు వెళ్లవచ్చు. డెబ్బై ఆరేళ్లు వచ్చాక నాకు మిగిలిన అధికారం ఆ ఒక్క సంతకమే.

ఈ అమ్మాయిది షేక్‌పేట. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు. భర్త సినిమా షూటింగుల్లో లైట్ల పనిచేస్తాడు. తను ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద ఎకనామిక్స్ చెబుతుంది. కాలేజీవాళ్లు వచ్చే విద్యా సంవత్సరానికి డాక్టరేటు ఉన్నవాళ్లనే ఉంచుతామని కాగితం ఇచ్చేశారు. మా సంస్థలో ఆమె రిజిస్ట్రేషను గడువు నవంబరు 30. సెమినారు 14న. ఆ రోజు గట్టెక్కితే పదహారు రోజుల్లో గ్రంథం అచ్చువేయించి ఇచ్చేయవచ్చు. గట్టెక్కకపోతే ఏడేళ్ల చదువు, దాని వెనకే ఉద్యోగం పోతాయి.

ఆమె వ్యాసం విషయం పెద్దది. కొన్ని దేశాలు ఎందుకు బాగుపడ్డాయి, కొన్ని ఎందుకు వెనకబడ్డాయి అన్న ప్రశ్నకు ఈ పాతికేళ్లలో బాగా పేరొచ్చిన జవాబు ఒకటుంది. నేల, వాన, జనం స్వభావం కాదు, ఆ చోట ఆట నియమాలు ఎవరికోసం పెట్టారన్నదే అసలు సంగతి అంటుందది. కోర్టు అందరికీ ఒకటే అయి, ఆస్తికి భద్రత ఉండి, ఎవరైనా వచ్చి వ్యాపారం పెట్టగలిగి, అధికారం కొద్దిమంది గుప్పిట్లో లేకపోతే అవి కలుపుకునే సంస్థలు. కొద్దిమంది కూర్చుని మిగతావాళ్ల కష్టాన్ని పిండుకునేలా కట్టినవి పిండుకునే సంస్థలు. మొదట్లో తేడా చిన్నదే. ఏదో ఒక పెద్ద మలుపులో అది చీలిపోతుంది, తరాలు గడిచేకొద్దీ అగాధమవుతుంది. పిండుకునేచోట కూడా కొంతకాలం ఎదుగుదల ఉండొచ్చు గానీ నిలవదు. ఎందుకంటే కొత్తవాడు వస్తే పాతవాడి పీట కదులుతుంది, పాతవాడు రానివ్వడు.

దీన్ని ఆమె మన గడ్డ మీద తూచి చూడాలనుకుంది. నిజాం కాలంలో పక్కపక్క ఊళ్లే ఒకటి జాగీరు, ఒకటి ఖాల్సా. ఖాల్సా ఊళ్లో సర్కారే భూమి కొలిచి రైతు పేరున పన్ను కట్టేది. జాగీరు ఊళ్లో పన్ను జాగీర్దారుకు పోయేది, చాలాచోట్ల కొలతే లేదు, పెద్ద జాగీర్లలో పోలీసూ న్యాయమూ కూడా వాళ్లవే. అదే మట్టి, అదే వాన, అదే భాష. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మరి ఇప్పటికీ ఆ ఊళ్ల మధ్య తేడా ఉందా? ఉంటే ఆ సిద్ధాంతానికి మంచి సాక్ష్యం. ముప్పై ఆరు ఊళ్లు తిరిగింది. తేడా ఉందని, పెద్దదేనని తేల్చింది. అక్షరాస్యత, ఆడపిల్లల చదువు, ఇంటి ఆదాయం, మూడింటిలోనూ ఖాల్సా ఊళ్లే ముందున్నాయి. చదివినవాళ్లందరూ మెచ్చుకున్నారు.

నలభై ఒకటో పేజీ కింద ఉన్న రెండు వాక్యాలు ఇవి. ఇరవై రెండు ఊళ్లకు పాత రెవెన్యూ పత్రాలు దొరికాయి. దొరకని పద్నాలుగు ఊళ్లలో, జాగీర్ల రద్దుకు ముందే సర్కారు బడి ఉన్నట్టు తెలిస్తే ఖాల్సాగా, లేకపోతే జాగీరుగా తీసుకోవడమైంది.

ఎదురు బంగళా షూటింగులకు అద్దెకిచ్చే ఇల్లు. ఆ పొద్దున ఆర్టు డిపార్టుమెంటువాళ్లు నిచ్చెన వేసుకుని దాని గేటు మీద బోర్డు బిగిస్తున్నారు. పసుపు మీద నల్ల అక్షరాలు, ‘ప్రభుత్వ ఉన్నత పాఠశాల’. నేను ఫోను తీసుకుని ఆమెను రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. ఫోనులో చెబితే స్కూటరు నడుపుతూ ఏమవుతుందోనని భయపడ్డాను.

క్లాసులు చూసుకుని మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. హెల్మెట్ సోఫా మీద పెట్టి వంటింట్లోకి వెళ్లి తనే కాఫీ కలుపుకుంది. ఆరేళ్లుగా అంతే, నా ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుందో నాకంటే ఆమెకు బాగా తెలుసు.

“ఏంది మేడం, సంతకానికి ముహూర్తం గిట్ల చూస్తున్నరా? పెన్ను నేనే తెచ్చిన.”

“కూర్చో. నలభై ఒకటో పేజీ తియ్యి.”

తీసింది. నేను వేలు పెట్టిన చోట చదివింది. “అవును. పత్రాలు దొరకలె. తార్నాక ఆర్కైవ్స్‌ల నెలలకొద్ది కూసున్న, మీకు ఎరుకనే. కొన్ని కట్టలు ముట్టుకుంటేనే పొడైపోతున్నయి. ఏదో ఒకటి చేసి నింపాలె గద.”

“బడి చూసి నింపావు.”

“జాగీర్లల్ల బడులు తక్కువ మేడం. అందరు రాసిందే.”

“తక్కువే. మరి నువ్వు చివరికి కొలిచిందేంటి?”

కప్పు బల్ల మీద పెట్టింది. ఆ ముఖంలో రంగు మారడం చూశాను, అలాంటిది నేను మళ్లీ చూడకూడదు.

నేను పాఠం చెప్పినట్టే చెప్పాను, వేరే పద్ధతి నాకు తెలియదు. జ్వరం ఉన్నవాళ్లందరినీ దోమ కుట్టినవాళ్లని రాసుకుని, ఆ తర్వాత దోమ కుట్టినవాళ్లందరికీ జ్వరం వచ్చిందని కనుక్కున్నట్టుంది ఇది. పాత బడి ఉన్న ఊరు ఇవాళ ఎక్కువ చదువుకుని ఉంటుంది, అది జాగీరైనా కాకపోయినా. బడి ఉంది కనుక ఖాల్సా అని రాశావు, ఖాల్సా కనుక చదువుంది అని తేల్చావు. ఫలితాన్ని చూసి కారణానికి పేరు పెట్టావు.

“ఈ సిద్ధాంతం మీద పెద్దవాళ్లు వేసిన మొదటి అభ్యంతరమే ఇది,” అన్నాను. “బాగుపడిన దేశాన్ని చూసి కలుపుకునే సంస్థలు అంటారు, చితికినదాన్ని చూసి పిండుకునేవి అంటారు. నువ్వే రెండో అధ్యాయంలో రాశావు కదా.”

రాసింది, చాలా బాగా రాసింది. ఆ చిక్కు తప్పించుకోవడానికే సిద్ధాంతకర్తలు పాత వలస దేశాల్లో తెల్లవాళ్లు జబ్బులతో ఎంతమంది చచ్చిపోయారో లెక్క తీశారని, ఎక్కువ చచ్చిన చోట కాపురం పెట్టకుండా పిండుకునే ఏర్పాట్లే చేసుకున్నారని, బతికిన చోట తమకోసం మంచి నియమాలు పెట్టుకున్నారని, ఇవాళ్టి సంపద అప్పటి చావుల్ని మార్చలేదు కనుక అది నమ్మదగిన సాక్ష్యమని రాసింది. దాని మీద వచ్చిన విమర్శలూ రాసింది. చాలా దేశాలకు చావుల లెక్క దొరక్క పక్క దేశానిది తెచ్చి పెట్టారు. పైగా కాపురం పెట్టినవాళ్లు నియమాలొక్కటే కాదు, చదువులూ తెచ్చుకున్నారు. మరి బాగుపడింది దేనివల్ల? ఇన్ని ఎరిగిన మనిషి తన పద్నాలుగు ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి అదే చేసింది.

ఆమె బాల్కనీ వైపు తిరిగింది. ఎదుటి గేటు మీద కొత్త బడి బోర్డు ఎండలో మెరుస్తోంది. లోపల ఈతకొలనున్న బంగళా అది.

“మేడం,” అంది, “నేనైతె గీ బంగ్లాను గూడ ఖాల్సా అని రాసేద్దును.”

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగగానే ఆమె మళ్లీ ఆ పేజీ తీసింది.

“మీరు చూడకపోతే ఎవ్వరు చూడకపోదురు. అచ్చుల అది చీమంత ఉన్నది.”

“బయటి పరీక్షకుడు చూస్తాడు. ఆయన పుస్తకాల్లో ముందు చదివేది చీమంత అక్షరాలే.”

“చూడకపోతే?”

నేను ఎర్ర పెన్సిలుతో ఆ రెండు వాక్యాల కింద గీత గీశాను.

“సంతకం పెట్టుండ్రి మేడం. పద్నాల్గో తారీఖు దాటనియ్యండి. డిగ్రీ వచ్చినంక నేనే సరిచేసి పత్రికల వేస్త. మీ మీద ఒట్టు.”

“వద్దు, ఒట్లు వద్దు. రేపు పొద్దున్నే లాప్‌టాప్ తీసుకురా. పద్నాలుగూ తీసేసి చూద్దాం. తేడా నిలబడితే మనకి భయమే లేదు.”

ఆ మాట అనేటప్పుడు నేను నమ్మే అన్నాను.

మంగళవారం ఆమె కాలేజీకి సెలవు పెట్టింది. ఇరవై రెండు ఊళ్లతో మళ్లీ లెక్క కట్టాం. తేడా అదే వైపు చూపించింది గానీ సగానికి సగం కరిగిపోయింది. మిగిలినదాంట్లో కూడా, అసలు తేడా ఏమీ లేదన్నా తప్పనలేనంత అనుమానం ఉంది. చెరువు నీళ్లున్న ఊళ్లనూ లేని ఊళ్లనూ విడదీస్తే ఇంకా పలచబడింది. ఖాల్సా ఊళ్లలోనూ రెండు వరసలో వెనకే ఉన్నాయి. ఆ రెండుచోట్లా సర్కారు కొలిచిన భూమి పత్రాల్లో రైతులదే, నడిచింది మాత్రం పన్ను వసూలు పెత్తందారు దేశ్‌ముఖు మాట.

“అంటె కాగితం మీద నియమం ఉంటె సరిపోదన్నట్టు,” అంది.

“అది కూడా ఒక ఫలితమే. రాయి.”

“ఇది ఫలితమా మేడం? ఏడేండ్లు తిరిగి ‘ఏమో’ అని రాయాల్నా?” తెరను చటుక్కున మూసింది. “మీకేం, మీరు డెల్టావాళ్లు. మీకు ఇంగ్లీషు కుంపిణీవాడు ఆనకట్ట కట్టిచ్చిండు. వాడు మిమ్మల్ని కలుపుకునేటందుకు కట్టిచ్చిండా? పన్ను పడిపోయిందని కట్టిచ్చిండు. పిండుకుందామనే కట్టిచ్చిండు, మీరు మాత్రం బాగుపడ్డరు.”

“బాగుపడ్డాం. అది కూడా రాయి. పిండుకునేవాడు కూడా తన లాభం కోసం నీళ్లు తెస్తే ఆ నీళ్లు నూరేళ్లు పారతాయని. సిద్ధాంతానికి అది గట్టి ఇబ్బందే.”

కోపంలో అన్నది కూడా పనికొచ్చేలా అనడం ఆమె అలవాటు. మరో సంగతీ ఆరోజే అంది. భర్త లైట్ల యూనియనులో కార్డు కోసం ఎంత తిరిగాడో చెబుతూ, “కార్డు ఉన్నోనికి కూలి రేటు ఉన్నది, దెబ్బ తగిలితే దవాఖాన ఖర్చు ఉన్నది. లేనోన్ని లొకేషన్ గేటు కాన్నే ఆపుతరు. ఇప్పుడు చెప్పుండ్రి మేడం, గా యూనియను కలుపుకునేదా, పిండుకునేదా?”

“నువ్వెక్కడ నిలబడ్డావు? గేటు లోపలా, బయటా?”

“మా ఆయన లోపల్నే,” అంది. “అందుకే నాకు మంచిదే అనిపిస్తది.”

ఆ మాట కూడా రాయమన్నాను. యూనియను లేకపోతే నిర్మాతే పిండుకుంటాడు, ఉంటే బయటివాడికి దారి మూసుకుంటుంది. ఏ సంస్థకైనా ఒకే పేరు పెట్టడం కుదరదని, ఎవరికి, ఏ కాలంలో అని అడగాలని ఆమె ఆ సాయంత్రం రాసిన పేజీ ఆ గ్రంథమంతటిలో మంచి పేజీ. బుధవారం పదకొండింటికి సంతకం పెట్టాను. పద్నాలుగు ఊళ్లు తీసేసి, తీర్పు మార్చిన ప్రతి మీద పెట్టాను. పెన్ను ఆమె తెచ్చిందే.

గురువారం సెమినారు మొదటి అంతస్తు హాల్లో. కొండ దిగువన సిగ్నలు దగ్గర ఆగిన బళ్ల హారన్లు కిటికీల్లోంచి వినిపిస్తున్నాయి. గడువు నెలాఖరుకి ముగిసే పరిశోధకులు ఆ ఏడు ఇద్దరున్నారు. ఈమె ఒకరు. రెండో ఆయన వెనక వరసలో కూర్చున్నాడు. ఆదిలాబాదు వైపు ఒక జూనియర్ కాలేజీ లెక్చరరు, నలభై దాటినవాడు. ఎప్పుడొచ్చినా బస్సు దిగి నేరుగా లైబ్రరీకే వచ్చేవాడు. సెమినారు మొదలయ్యే ముందు కారిడారులో నా ఎదుటే ఆఫీసు గుమాస్తాను అడిగాడు.

“సార్, ఒక మూడు నెలలు పొడిగింపు ఇస్తరా? మా నాయన ఆపరేషనైంది, చివరి అధ్యాయం మిగిలింది.”

“రూల్ లేదు సార్,” అన్నాడు గుమాస్తా. కసురుకోలేదు, ఉన్నది చెప్పాడు. ఆయన తల ఊపి వెళ్లి కూర్చున్నాడు.

బయటి పరీక్షకుడు విజయవాడ మనిషి, ఉత్తరాదిన పెద్ద విశ్వవిద్యాలయంలో ఉంటాడు. విద్యార్థి మాట్లాడుతున్నంతసేపూ పెన్సిలుతో బల్ల మీద చిన్నగా కొడతాడని పేరు. ఈమె లేచి మొదటి అయిదు నిమిషాల్లోనే ఊళ్ల సంగతి చెప్పేసింది. ఇంతకుముందు మీకు పంపిన ప్రతిలో పద్నాలుగు ఊళ్లను బడి చూసి వర్గీకరించాను, అది తప్పు, తీసేశాను, తీసేస్తే ఇంత తగ్గింది అని తెర మీద చూపించింది. పెన్సిలు ఆగిపోయింది.

“పాత ప్రతి చదివి నాలుగు ప్రశ్నలు రాసుకున్నానమ్మా,” అన్నాడాయన. “మొదటిది ఇదే. మీరే చెప్పేశారు, సంతోషం.”

ఊపిరి వదిలాను.

“అయితే ఒకటండీ. ఇప్పుడు అయిదో అధ్యాయం కింద నేల లేదు కదా. ఆరో అధ్యాయం దాని మీదే కట్టారు. దేశ్‌ముఖుల ఊళ్ల సంగతి, ఆనకట్ట సంగతి, యూనియను సంగతి, ఇవి బాగున్నాయి, కానీ చివర్లో అతికించినట్టున్నాయి. రెండూ తిరగరాయండి. తొందరేం లేదు, నాలుగు నెలలు తీసుకోండి. మంచి గ్రంథం అవుతుంది.”

ఆయనకు గడువు సంగతి తెలియదు. తెలిసినవాళ్లం ఎవరం మాట్లాడలేదు. ఆమె “థాంక్యూ సార్” అని కాగితాలు సర్దుకుంది. ఒక్కొక్క కాగితం అంచులు కలిపి, మళ్లీ కలిపి సర్దుతూనే ఉంది.

శుక్రవారం ఇద్దరం సంచాలకుడి గదికి వెళ్లాం. ఆయన ఒకప్పుడు నా దగ్గర జూనియరు. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్లాను.

“రండి మేడం, ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గదా,” అని లేచి కుర్చీ జరిపాడు. సంగతి విన్నాడు. “దానికింత పరేషాన్ ఎందుకు? ఆరు నెలలు ఇచ్చేస్తా. నా డిస్క్రిషన్ ఉన్నది.”

“రూల్ లేదన్నారే ఆఫీసులో?”

“బోర్డు మీద లేదు మేడం. బైలాల్లో ఉన్నది. ప్రత్యేక పరిస్థితుల్లో సంచాలకుడు ఇవ్వొచ్చు అని. ఆఫీసోళ్లకు తెల్వదు, తెలిస్తే రోజూ లైనే.”

ముప్పై నాలుగేళ్లు పనిచేసిన చోట ఆ తలుపు ఉందని నాకే తెలియదు.

“అయితే ఇంకొకాయన ఉన్నారు,” అన్నాను. “ఆదిలాబాదు వైపు ఆయన. తండ్రికి ఆపరేషను. ఆయనకీ ఇవ్వు.”

సంచాలకుడు పేపర్‌వెయిట్ తిప్పాడు. “ఒకటైతే ఎవరి కంటా పడదు మేడం. రెండైతే గవర్నింగ్ బాడీకి పోవాలె. వాళ్లు కూసునేది జనవరిల. అప్పటికి ఇద్దరివీ పోతయి.”

“అందరికీ తెలిసేలా బోర్డు మీద పెట్టవచ్చు కదా. నిజమైన కారణం ఉన్నవాళ్లందరికీ అని.”

“అందరికీ అయితే ఇగ నా చేతుల ఏముంటది మేడం?” నవ్వుతూనే అన్నాడు. మంచివాడే. నా కళ్ల ఆపరేషనుకు ఆస్పత్రికి వచ్చి రోజంతా కూర్చున్నవాడు. “మీరు ఒక పేరు చెప్పుండ్రి. ఇవాళే ఆర్డరిస్తా.”

అయిదు నిమిషాలు ఆగమని బయటికి వచ్చాను. ఆమె బెంచీ మీద నుంచి లేచింది. ఉన్నదున్నట్టు చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా.

కారిడారు కిటికీలోంచి లైబ్రరీ మెట్లు కనిపిస్తాయి. ఆయన అక్కడే ఉన్నాడు, స్తంభానికి ఆనుకుని ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు, తండ్రితోనేమో. ఆమె చూసింది. నేనూ చూశాను.

“ఆయనకు తెలుసా?” అంది.

“తెలియదు.”

“ఎవరన్న చెప్తరా?”

“నేను చెప్పొచ్చు. చెబితే ఆయన అడుగుతాడు. అడిగితే రెండవుతాయి. రెండయితే ఇద్దరివీ పోతాయి.”

ఆమె బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది. “మేడం, ఇది నేను రాసిందే గద. మొదటి అధ్యాయంల. మనిషిని చూసి మారే నియమం.”

“అవును.”

“మా పెద్దోనికి టెన్త్ ఈ ఏడు,” అంది. నేను వద్దంటే వద్దనేది. నేను అనలేదు. ఆమె ఉద్యోగం పోతుందన్న భయం ఒకవైపు, ఆమె ఇక నా గుమ్మం ఎక్కదన్న భయం ఇంకోవైపు. రెండోది కూడా ఉందని అప్పుడే తెలిసింది నాకు.

“నా పేరే చెప్పుండ్రి,” అంది, కిటికీ వైపు చూడకుండా.

లోపలికి వెళ్లి చెప్పాను. ఆర్డరు మూడింటికల్లా టైపయింది. ‘ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా’ అని ఉంది. ఏ పరిస్థితులో రాయలేదు.

మెట్లు దిగేటప్పుడు ఆయన మాకు ఎదురొచ్చాడు. పక్కకు తప్పుకుని నాకు నమస్కారం పెట్టాడు. ఆమెతో, “నిన్న మస్తు ధైర్యంగ చెప్పిండ్రు మేడం, తప్పు ఒప్పుకునుడు అందరికి రాదు,” అన్నాడు. ఆమె ఏదో అన్నది, నాకు వినబడలేదు. వెనక నుంచి ఆయన పిలిచి అడుగుతాడేమో, ఏమని చెప్పాలి అని గేటు దాటేవరకూ నా వీపు బిగుసుకునే ఉంది. ఆయన పిలవలేదు. అడగడానికి ఏదో ఒకటి ఉందని తెలిస్తే కదా పిలవడానికి.

ఆ రెండు వారాలు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. ఎవరో కనుక్కున్నారని, ఆర్డరు రద్దయిందని, ఆమె ఏడుస్తూ చేసిన ఫోనని. ఒక్కసారీ అది కాదు. గ్యాస్ సిలిండరువాడు, ఫ్లాట్ల సంఘం మీటింగు, బ్యాంకువాళ్లు. ఎవరూ కనుక్కోలేదు. కనుక్కోవడానికి అందులో నియమం తప్పింది ఏదీ లేదు. బైలాల్లో ఉన్నదే జరిగింది. అది గుర్తొచ్చినప్పుడు భయం తగ్గాలి. తగ్గేది కాదు.

నవంబరు 30 శనివారం. సోమవారం పొద్దున సంస్థకు పనిమీద వెళితే నోటీసు బోర్డు మీద కాగితం ఉంది. గడువు ముగిసి రిజిస్ట్రేషను రద్దయినవారు, కింద ఒక్క పేరు. బోర్డుకు అద్దం ఉంది, అద్దానికి తాళం ఉంది. చదివి వచ్చేశాను.

పరీక్షకుడు చెప్పిన గడువులోనే ఆమె, 2025 మార్చిలో, రెండు అధ్యాయాలూ తిరగరాసి ఇచ్చింది. మే నెలలో డిగ్రీ వచ్చింది. ఆ సిద్ధాంతం ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ఫలితాన్ని చూసి కారణానికి పేరు పెట్టే గోతిలో పడుతుందో ఇంత స్పష్టంగా రాసిన విద్యార్థిని నేను చూడలేదు. సంస్థలు ముఖ్యమే, కానీ వాటిని ఫలితంతో సంబంధం లేని సాక్ష్యంతో గుర్తించగలిగినప్పుడే ఆ మాటకు బలం, నీళ్లు, చదువు, కాగితం వెనక నడిచే పెత్తనం, వీటిని విడిగా తూచాలి, ఇదీ ముగింపు. ప్రతి నాకు కొరియరులో వచ్చింది. యూనియను పేజీ ఉంటుందని ఆరో అధ్యాయం చివర చూశాను. తీసేసింది. ఫోను చేసి అడగాలనుకున్నాను. అడిగితే తనూ ఇప్పుడు గేటు లోపలే ఉన్నానని ఆమె చెప్పేస్తుందని భయపడి అడగలేదు.

ఎదురు బంగళా మీద బడి బోర్డు ఎప్పుడో పోయింది. ఆ తర్వాత కోర్టు బోర్డు పెట్టారు. ఇప్పుడు ఖాళీ.

పోయినవి రాసి పెడుతున్నాను. ఊళ్లు, పద్నాలుగు. అందరూ మెచ్చిన ఒక తీర్పు. గ్రంథంలో అన్నిటికంటే మంచి పేజీ ఒకటి. ఆదిలాబాదు వైపు ఒక పరిశోధకుడి ఏడేళ్ల రిజిస్ట్రేషను. వారానికి రెండుసార్లు నా వంటింట్లో తనే కలుపుకునే కాఫీ, ఆ శుక్రవారం తర్వాత ఒక్కటీ లేదు.